మనవాడికో లెక్క, పరాయివాడికో లెక్క

2023 నవంబర్ 19 రాత్రి తెలుగు ఇళ్లలో చాలాచోట్ల టీవీలు తొందరగానే ఆగిపోయాయి. అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఆస్ట్రేలియా ఓపెనర్ ట్రావిస్ హెడ్ 120 బంతుల్లో 137 పరుగులు కొట్టి కప్పును మన చేతుల్లోంచి లాక్కుపోయాడు. ఆ రాత్రి అతణ్ని తిట్టుకోని క్రికెట్ అభిమాని లేడంటే అతిశయోక్తి కాదు. నాలుగు నెలలు దాటాయి. 2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో ఇదే హెడ్ నారింజ రంగు జెర్సీ వేసుకుని ముంబై బౌలర్ల మీద పడ్డాడు. 24 బంతుల్లో 62 పరుగులు. సన్‌రైజర్స్ స్కోరు 277. స్టేడియం ఊగిపోయింది. అతని మీసాన్ని చూసి "మన హెడ్ మామ" అని మురిసిపోయారు కుర్రాళ్లు.

మనిషి మారలేదు. బ్యాటింగ్ మారలేదు, మీసమూ మారలేదు. జెర్సీ మారిందంతే. కమిన్స్ సంగతీ అంతే. ఫైనల్‌కు ముందు రోజు, లక్షమంది ప్రేక్షకులను నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం కంటే తృప్తినిచ్చేది లేదన్నట్టు మాట్లాడి, అన్నంత పనీ చేసి, ఆ నెలరోజులకే 20 కోట్ల 50 లక్షలకు హైదరాబాద్ జట్టులో చేరి, తర్వాత కెప్టెన్ కూడా అయిపోయాడు. ఇంకా తమాషా ఏమిటంటే, ఈ జట్టు యజమానులు చెన్నైకి చెందిన సన్ గ్రూపువాళ్లు. చాలా సీజన్లలో జట్టులోని హైదరాబాదీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వేలంలో సగంమంది వెళ్లిపోతారు, సగంమంది కొత్తగా వస్తారు. అభిమానం మాత్రం ఎక్కడికీ పోదు. అంటే మనం అభిమానిస్తున్నది మనుషులను కాదు, మన ఊరి పేరు తగిలించిన ఒక గుంపును.

ఇది క్రికెట్ పిచ్చి అని నవ్వి వదిలేయొచ్చు. కానీ పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగం ఇచ్చే దగ్గర, ఆఫీసులో మార్కులు వేసే దగ్గర పనిచేసేదీ ఈ మనసే. దీని వెనకున్న యంత్రాన్ని యాభై ఏళ్ల కిందట విప్పి చూపించినవాడు హెన్రీ టాజ్‌ఫెల్.

టాజ్‌ఫెల్ 1919లో పోలండ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. చదువుకోవడానికి ఫ్రాన్స్ వెళ్లాడు, రెండో ప్రపంచయుద్ధం రాగానే ఫ్రెంచి సైన్యంలో చేరాడు, 1940లో జర్మన్లకు చిక్కాడు. ఐదేళ్లు యుద్ధఖైదీ. యూదుడన్న సంగతి దాచలేదు, కానీ పోలండ్‌వాడినని మాత్రం చెప్పలేదు. ఫ్రెంచి సైనికుడిగా చలామణీ అయ్యాడు, బతికాడు. ఏ గుంపువాడిగా లెక్కలోకి వచ్చాడన్నదే ప్రాణాన్ని నిలబెట్టింది. యుద్ధం ముగిసి తిరిగొచ్చేసరికి అతని కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. అలాంటి మనిషి తర్వాత మనస్తత్వ శాస్త్రం చదివి, ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. తనను వెంటాడుతున్న ప్రశ్న ఒక్కటే. మనుషులు తమ గుంపువైపు మొగ్గడానికి కనీసం ఎంత కారణం కావాలి? పాత పగలు ఉండాలా? పొలం గట్టు తగాదా ఉండాలా? ఏమీ లేకపోయినా సరిపోతుందా?

దీనికి అతను ఎంచుకున్న దారి చాలా తెలివైనది. కారణాలన్నీ ఒక్కొక్కటిగా తీసేసి చూద్దాం, ఏ దశలో పక్షపాతం మాయమవుతుందో పట్టుకుందాం అనుకున్నాడు. బ్రిస్టల్ శివారులోని ఒక బడి నుంచి 14, 15 ఏళ్ల మగపిల్లలు 64 మందిని తీసుకున్నాడు. తెర మీద చుక్కల గుంపులు క్షణంసేపు చూపించి, ఎన్ని చుక్కలున్నాయో అంచనా రాయమన్నాడు. తర్వాత, కొందరు ఎక్కువ లెక్కపెట్టే రకం, కొందరు తక్కువ లెక్కపెట్టే రకం అని చెప్పి రెండు గుంపులు చేశాడు. నిజానికి ఆ విభజనకు పిల్లల అంచనాలతో సంబంధమే లేదు, ఇష్టమొచ్చినట్టు విడదీశాడు. 48 మంది పిల్లలతో చేసిన రెండో ప్రయోగంలో చుక్కల బదులు క్లే, కాండిన్స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నువ్వు క్లే గుంపు, నువ్వు కాండిన్స్కీ గుంపు అన్నాడు. ఆ వయసు పిల్లలకు ఆ చిత్రకారుల పేర్లయినా తెలిసి ఉంటాయా అన్నది అనుమానమే.

తర్వాత ఒక్కొక్కణ్నీ విడిగా కూర్చోబెట్టి చేతికో పుస్తకం ఇచ్చారు. ప్రతి పేజీలోనూ ఇద్దరికి డబ్బు పంచాలి. ఆ ఇద్దరూ ఎవరో తెలియదు, ఒక అంకె, ఒక గుంపు పేరు మాత్రమే ఉంటాయి. తనకు తాను పంచుకోవడానికి వీల్లేదు. అంటే ఈ పంపకంలో స్వలాభం లేదు, స్నేహం లేదు, పాత కక్ష లేదు, మొహమైనా కనబడదు. మిగిలింది ఒక్క ముద్ర.

ఆ పేజీల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అసలు కథంతా అందులోనే ఉంది. పేజీలో వరసగా పదమూడు గడులు. ప్రతి గడిలో పైన తన గుంపువాడికి వచ్చే పాయింట్లు, కింద అవతలి గుంపువాడికి వచ్చే పాయింట్లు. ఎడమ చివరి గడిలో మనవాడికి 7, అవతలివాడికి 1. దాని పక్కన 8, 3. తర్వాత 9, 5. అలా కుడివైపు పోతున్నకొద్దీ మనవాడికి ఒక్కొక్కటి పెరుగుతుంది, అవతలివాడికి రెండేసి పెరుగుతాయి. సరిగ్గా మధ్య గడిలో 13, 13. కుడి చివర మనవాడికి 19, అవతలివాడికి 25. ఏదో ఒక గడికి టిక్ పెట్టాలి. ఒక్కో పాయింటు విలువ పెన్నీలో పదోవంతు, అంటే చిల్లర.

మనవాడికి మేలు చేయాలనుకున్నవాడు ఏ గడి ఎంచుకోవాలి? కళ్లు మూసుకుని కుడి చివరికి పోవాలి. అక్కడే మనవాడికి 19 వస్తాయి. పైగా ఇద్దరికీ కలిపి డబ్బు ఎక్కువ రాబట్టేదీ ఆ గడే, నష్టపోయేది ప్రయోగం చేసేవాళ్లు. న్యాయంగా ఉండాలనుకున్నవాడు మధ్య గడి ఎంచుకోవాలి. కానీ పిల్లల టిక్కులు ఈ మధ్య గడికి కాస్త ఎడమవైపు వాలాయి. 12, 11 దగ్గర. అంటే మనవాడికి రావాల్సిన 19ని 12 చేశారు, అవతలివాడు 11 దగ్గర ఆగాలని. తనవాడి జేబులోంచి ఏడు పాయింట్లు తీసి పారేసి, ఒక్క పాయింటు ఆధిక్యం కొనుక్కున్నారన్నమాట. వాళ్లకు కావాల్సింది మనవాడు బాగుపడటం కాదు. మనవాడు వాడికంటే ఒక మెట్టు పైన ఉండటం.

ఒక విషయం ఇక్కడ నిజాయితీగా చెప్పుకోవాలి, చాలామంది ఈ ప్రయోగాన్ని చెప్పేటప్పుడు దీన్ని వదిలేస్తారు. పిల్లలు ఎడమ చివరికి, 7, 1 దగ్గరికి పరుగెత్తలేదు. న్యాయం కూడా వాళ్లను లాగింది. పక్షపాతం, న్యాయం రెండూ లాగిన లాగుడులో గీత న్యాయానికి కొంచెం ఇవతల పడింది. ఇద్దరూ ఒకే గుంపువాళ్లయినప్పుడు ఇదే పిల్లలు ఎంచక్కా ఇద్దరికీ కలిసొచ్చే గడులవైపు పోయారు. కాబట్టి వాళ్లు చెడ్డ పిల్లలు కారు. మన చుట్టూ ఉండే పక్షపాతం కూడా చాలావరకు ఈ రకమే. రాక్షసత్వం కాదు, పన్నెండు పదకొండు లెక్క.

1973లో టాజ్‌ఫెల్, అతని శిష్యుడు బిలిగ్ ఇంకో అడుగు ముందుకు వేశారు. బొమ్మలూ వద్దు, చుక్కలూ వద్దు, బొమ్మ బొరుసు వేసి గుంపులు చేశామని పిల్లలకే చెప్పేశారు. మా ఇద్దరికీ పోలిక ఉంది అనుకోవడానికి కూడా ఆస్కారం లేకుండా చేశారు. అయినా మొగ్గు కనబడింది.

ఎందుకిలా? 1979లో టాజ్‌ఫెల్, జాన్ టర్నర్ కలిసి ఇచ్చిన జవాబే సోషల్ ఐడెంటిటీ థియరీ, సామాజిక అస్తిత్వ సిద్ధాంతం. నేనెవరు అనే ప్రశ్నకు మనం చెప్పుకునే జవాబులో సగం మన సొంతం, సగం మన గుంపులది. నేను పొడుగు, నేను కోపిష్ఠిని, ఇవి సొంతం. నేను గుంటూరువాణ్ని, నేను లెక్కల టీచర్ని, నేను ఫలానా హీరో ఫ్యాన్‌ని, ఇవి గుంపులవి. గుంపు తల ఎత్తుకుంటే నా తలా లేస్తుంది. అయితే గుంపు ఎత్తు ఎంతో దానంతటదిగా తెలియదు, పక్క గుంపుతో పోల్చుకుంటేనే తెలుస్తుంది. అందుకే పందొమ్మిది కన్నా పన్నెండు ముద్దొస్తుంది, పక్కవాడు పదకొండులో ఉంటే చాలు.

ఇక్కడే ఇంకో ప్రశ్న పుడుతుంది. పోలికలో మన గుంపే కింద ఉంటే? దానికి మూడు దారులున్నాయి అన్నారు వాళ్లు. ఆ మూడూ ఎలా ఉంటాయో చూడటానికి మనం ఇంగ్లండ్ పోనక్కర్లేదు, తెలంగాణ యాస కథ చాలు.

మొదటి దారి, గుంపు వదిలి ఎవరికి వారు బయటపడటం. వరంగల్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో హైదరాబాద్ వచ్చిన కుర్రాడు ఇంటికి ఫోన్ చేస్తే "అమ్మా, మంచిగున్నవా?" అంటాడు. ఫోన్ పెట్టేసి పక్క బల్ల మనిషితో "బాగున్నారా అండీ" అంటాడు. కొన్ని తరాలవాళ్లు ఇలాగే రెండు నాలుకలతో బతికారు. పత్రికల భాష, పాఠ్యపుస్తకాల భాష కోస్తా జిల్లాల భాష. సినిమాల్లో హీరో ఆ భాష మాట్లాడితే, విలన్ పక్కన ఉండే రౌడీకో కమెడియన్‌కో తెలంగాణ యాస పెట్టేవారు. హాల్లో నవ్వు వినబడేది. ఆ నవ్వినవాళ్లలో ఆ యాసవాళ్లూ ఉండేవారు.

రెండో దారి, కొలమానాన్నే మార్చేయడం. ఏ గుణాన్ని చూసి నవ్వారో దాన్నే గర్వంగా ఎత్తి పట్టుకోవడం. అవును, మా యాస ఇదే, ఇందులోనే మాట్లాడతాం, ఇందులోనే పాడతాం, ఇందులోనే రాస్తాం అనడం. ప్రజాకవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం ఆ మార్పునకు ప్రభుత్వ ముద్ర. 2017లో వచ్చిన ఫిదా సినిమాలో భానుమతి అనే హీరోయినే ఆ యాస మాట్లాడింది, కోస్తా జిల్లాల థియేటర్లు కూడా చప్పట్లు కొట్టాయి. రౌడీ నోట్లోంచి హీరోయిన్ నోటికి రావడం మాటల్లో చిన్న విషయం, కొలతలో చాలా పెద్ద విషయం. మూడో దారి నేరుగా తలపడటం, ఉన్న అమరికనే మార్చమని అడగడం. 1969 ఉద్యమం, తర్వాతి మలిదశ ఉద్యమం, 2014 జూన్ 2న కొత్త రాష్ట్రం. యాస ఒక్కటే రాష్ట్రాన్ని తెచ్చిందని కాదు. నీళ్లు, నిధులు, నియామకాలు అనే గట్టి కారణాలున్నాయి. కానీ ఆ లెక్కలకు ఆత్మగౌరవం తోడవ్వకపోతే జనం అంతగా కదిలేవారా అన్నది ఆలోచించాల్సిందే.

ఈ గీతలు రాతి మీద చెక్కినవి కావు, అదో విశేషం. అమీర్‌పేటలో కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని మూడుగా ఉన్న కుర్రాళ్లు బెంగళూరు పోతే ఒక్క తెలుగువాళ్లవుతారు, డాలస్ పోతే ఒక్కోసారి తమిళులతో, గుజరాతీలతో కలిసి దేశీలవుతారు. ఏ గీత వెలుగులోకి వస్తే మనసు ఆ గీత పట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో 2005లో అచ్చయిన ఒక పరిశోధన దీన్ని భలేగా చూపించింది. లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ అభిమానులను పిలిచి, మీ జట్టు గురించి రాయండి అన్నారు. రాసి ఇంకో భవనానికి నడిచివెళ్తుంటే దారిలో పరుగెడుతున్న ఒకతను జారిపడి చీలమండ పట్టుకుని మూలుగుతాడు. అది నాటకం. అతను మాంచెస్టర్ చొక్కాలో ఉంటే 13 మందిలో 12 మంది ఆగి సాయం చేశారు. బద్ధశత్రువు లివర్‌పూల్ చొక్కాలో ఉంటే 10 మందిలో ముగ్గురే. తర్వాత వేరే మాంచెస్టర్ అభిమానులతో ఇదే చేశారు. ఈసారి రాయమన్నది మీ జట్టు గురించి కాదు, ఫుట్‌బాల్ అభిమాని కావడంలోని ఆనందం గురించి. అప్పుడు లివర్‌పూల్ చొక్కా వేసుకున్నవాడికి కూడా 10 మందిలో ఏడుగురు సాయం చేశారు. సాదా చొక్కావాడు మాత్రం అలాగే పడి ఉన్నాడు, 9 మందిలో ఇద్దరే ఆగారు. గీత చెరిగిపోలేదు, కొంచెం అవతలికి జరిగింది. మనుషులు తక్కువమందే అయినా దీని తీరు మాత్రం స్పష్టం.

ఇప్పుడు కులం దగ్గరికి వద్దాం. కులాన్ని ఈ ప్రయోగాల్లోని చుక్కల గుంపుతో సమానం చేసి మాట్లాడితే అది పెద్ద తప్పు. బొమ్మ బొరుసుతో వచ్చిన గుంపు సాయంత్రానికి పోతుంది. కులం పుట్టుకతో వస్తుంది, పెళ్లితో కంచె కట్టుకుంటుంది, భూమితో, పనితో, అవమానంతో కలిసి వేల ఏళ్లుగా నడుస్తోంది. అన్నిటికంటే ముఖ్యం, కులాలు పక్కపక్కన ఉండే గుంపులు కావు, ఒకదాని మీద ఒకటి పేర్చిన మెట్లు. టాజ్‌ఫెల్ సిద్ధాంతం కులం ఎందుకు పుట్టిందో చెప్పదు, కారంచేడు, చుండూరు వంటి దారుణాలను వివరించడానికి అది సరిపోదు. అది బాగా వివరించేది ఇంకో దాన్ని. ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, మాకు కులపట్టింపు లేదండీ అని మనస్ఫూర్తిగా చెబుతూనే చేసే పక్షపాతాన్ని.

మన దగ్గర కొత్త మనిషి కనబడగానే మొదలయ్యే పలకరింపులు గుర్తుచేసుకోండి. ఏ ఊరండీ? ఇంటిపేరేమిటి? ఓహో, ఫలానావారు మీకేమవుతారు? మూడు ప్రశ్నల్లో లెక్క తేలిపోతుంది. ఆ తర్వాత "అయితే మనోళ్లే" అని ఒక చిరునవ్వు, లేదా మాట వాతావరణం మీదికి మళ్లడం. రెండోవాడికి ఏ అన్యాయమూ జరిగినట్టు కనబడదు. జరిగింది మొదటివాడికి ఒక ఫోన్ నంబరు, ఒక సిఫారసు, ఒక ఖాళీ గది కబురు. అమెరికన్ పరిశోధకులు గ్రీన్‌వాల్డ్, పెటిగ్రూ 2014లో తమ దేశం గురించి ఇదే మాట అన్నారు. నేడు వివక్షలో ఎక్కువ భాగం పరాయివాడి మీద ద్వేషం కాదు, మనవాడికి చేసే మేలు అని. దీన్ని పట్టుకోవడం కష్టం. తిట్టు ఎక్కడా రికార్డవదు, కేసు పెట్టడానికి ఏ సంఘటనా ఉండదు. చేసినవాడికి తాను మంచిపని చేశానన్న తృప్తి కూడా మిగులుతుంది.

దీన్ని పట్టుకోవాలంటే ఒక్క మనిషిని కాదు, పెద్ద సంఖ్యలో పోలికను చూడాలి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో చేసింది అదే. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపారు. తేడా పేరులోనే. కొన్నిటి మీద అగ్రకులమని తెలిసే ఇంటిపేరు, కొన్నిటి మీద దళితులని తెలిసే పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. కులం, మతం అనే మాటలు దరఖాస్తులో ఎక్కడా లేవు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు వెళ్లాయి. తర్వాతి దశకు పిలుపు రావడంలో అగ్రకుల పేర్ల అవకాశాన్ని ఒకటి అనుకుంటే దళిత పేర్లది 0.67, ముస్లిం పేర్లది 0.33. ఆ కవర్లు తెరిచిన మేనేజర్లలో ఎంతమంది తమను తాము కులతత్వవాదులని ఒప్పుకుంటారు? బహుశా ఒక్కరూ ఒప్పుకోరు. అబద్ధం కూడా ఆడుతున్నట్టు కాదు. ఒక్కో దరఖాస్తు దగ్గర వాళ్లకు కనిపించింది "ఇతను సరిపోతాడేమో" అన్న ఒక అనుభూతి మాత్రమే.

ఆఫీసులో ముఠాలు దీనికి తమ్ముళ్లు. అక్కడ ఇంటిపేరే కానక్కర్లేదు, ఒకే కాలేజీ, ఒకే పాత కంపెనీ, ఒకే భాష, కలిసి తాగే టీ ఏదైనా చాలు. లంచ్‌లో ఆరుగురు తెలుగులో జోకులేసుకుంటుంటే ఏడో కుర్చీలోని ఒడియా అమ్మాయి ఫోన్ చూసుకుంటూ తినేసి వెళ్లిపోతుంది. ఆ జోకుల మధ్యలోనే వచ్చే నెల ఏ ప్రాజెక్టులో ఖాళీ వస్తుందో మాట దొర్లింది. ఆ అమ్మాయికి ఆ కబురు శుక్రవారం మెయిల్‌లో తెలుస్తుంది. అప్పటికి ఇద్దరు మేనేజర్‌ను కలిసొచ్చారు. ఎవరూ కావాలని దాచలేదు.

ముఠా ఎందుకంత గట్టిగా ఉంటుందో జపాన్ పరిశోధకుడు తోషియో యమగిషి, అతని సహచరులు 1993లో చూపించారు. టాజ్‌ఫెల్ ప్రయోగంలో ఒక చిన్న సందు ఉందని వాళ్లు పట్టుకున్నారు. నేను నాకు పంచుకోలేను, నిజమే. కానీ నా గుంపువాళ్లు కూడా పంచుతున్నారు కదా, వాళ్లు నావైపు చూస్తారన్న ఆశ నాకు ఉంటుంది. అందుకని కొందరికి, నీకు వచ్చేది ముందే ఖాయం, ఎవరి పంపకం మీదా ఆధారపడదు అని చెప్పి చూశారు. గుంపు పేరు అలాగే ఉంది, మొగ్గు దాదాపు పోయింది. ఇది టాజ్‌ఫెల్ చెప్పిన ఆత్మగౌరవం కథకు సరిపడదు, ఈ తగువు ఆ రంగంలో ఇంకా పూర్తిగా తేలలేదు. నా మటుకు క్రికెట్ అభిమానానికి టాజ్‌ఫెల్, ఆఫీసు ముఠాకు యమగిషి బాగా కుదురుతారనిపిస్తుంది. ఉప్పల్‌లో అరిచేవాడికి హెడ్ నుంచి తిరిగొచ్చేదేమీ లేదు. ఆఫీసులో మాత్రం ఇవాళ నేను నీ రేటింగ్ చూస్తే రేపు నువ్వు నాది చూస్తావు. అందుకే ప్రమోషన్ ఎలా వస్తుందో ఎవరికీ అర్థంకాని ఆఫీసుల్లో ముఠాలు బలుస్తాయి. నియమం కాపాడుతుందన్న నమ్మకం లేనివాడు మనిషిని పట్టుకుంటాడు.

మన రాతలోనే ఈ మొగ్గును పట్టుకునే ఉపాయం ఒకటుంది. ఇటలీలో గుర్రప్పందేల్లో పోటీపడే పేటలవాళ్ల మీద ఆన్ మాస్, ఆమె సహచరులు 1989లో ప్రచురించిన పరిశోధన అది. మన పేటవాడు మంచిపని చేస్తే దాన్ని గుణంగా చెబుతాం, చెడ్డపని చేస్తే ఒకనాటి సంఘటనగా చెబుతాం. అవతలి పేటవాడికి సరిగ్గా తిరగేసి. ఇప్పుడు మీ ఆఫీసులో ఏడాది చివర రాసే అప్రైజల్ కాగితాలు రెండు పక్కపక్కన పెట్టి చదవండి. మనవాడు రిపోర్టు రాత్రికి రాత్రి పూర్తిచేస్తే "చాలా బాధ్యత గల ఉద్యోగి". కానివాడు అదే చేస్తే "మార్చిలో రిపోర్టు సకాలంలో ఇచ్చారు". మనవాడు ఆలస్యం చేస్తే "ఒకసారి గడువు దాటింది". కానివాడైతే "సమయపాలన లేదు". నాలుగు వాక్యాల్లోనూ ఒక్క అబద్ధం లేదు. మార్కులు మాత్రం మారిపోతాయి. బొత్తిగా మొహమాటపడకుండా పేర్లు తారుమారు చేసి మళ్లీ చదివితే ఎక్కడ చెయ్యి వణికిందో తెలిసిపోతుంది.

మరి గీతను జరపడం ప్రయోగశాల బయట, అందులోనూ కులం దగ్గర, సాధ్యమా? దీనికి మనకున్న మంచి ఆధారాల్లో ఒకటి క్రికెట్ మైదానం నుంచే వచ్చింది. మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో వారణాసి వైపు పల్లెల్లో వేర్వేరు కులాల యువకులు 1,261 మందిని చేర్చుకున్నాడు. చీటీ వేసినట్టు కొందరిని నెలరోజుల క్రికెట్ లీగుల్లోకి, మిగతావారిని పోలిక కోసం బయట ఉంచాడు. ఐదుగురేసి ఆటగాళ్ల జట్లు. కొన్ని జట్లలో అందరూ ఒకే కులవర్గంవాళ్లు, కొన్నిటిలో కలగలుపు. ఎవరు ఏ జట్టన్నది వాళ్లు ఎంచుకోలేదు, చీటీయే ఎంచుకుంది. ఎవరి మీద ఆడాలన్నదీ అంతే. మామూలుగా కలిసిమెలిసి తిరిగేవాళ్లను చూసి, కలవడం వల్ల మనసు మారిందా, మారిన మనసున్నవాళ్లే కలిశారా అని తేల్చలేం. చీటీ వేయడం వల్ల ఆ చిక్కు పోయింది.

2021లో అచ్చయిన ఫలితాలు రెండు ముక్కలుగా ఉన్నాయి. కలగలుపు జట్టులో ఆడినవాళ్లకు వేరే కులాల స్నేహితులు పెరిగారు. తన కులంవాడికే మొగ్గడం తగ్గింది. సరుకు మార్చుకునే వ్యవహారంలో, కులం దాటితే లాభం ఉన్న చోట, కులం దాటారు. ఒకే జట్టు, ఒకే గెలుపు, క్యాచ్ వదిలేస్తే అందరికీ నష్టం. అక్కడ మనవాడన్నవాడు కొత్తగా తయారయ్యాడు. రెండో ముక్క ఎవరూ పెద్దగా చెప్పుకోనిది. వేరే కులంవాళ్లు ఎదుటి జట్టులో ఎక్కువగా తగిలినవాళ్లలో ఫలితం మొత్తమ్మీద తిరగబడింది, కులం దాటిన కలయిక తగ్గింది. మైదానం ఒకటే, బంతి ఒకటే, ఆడినవాళ్లు ఆ పల్లెలవాళ్లే. కలపడంలో పక్కన నిలబెట్టడం వేరు, ఎదురుగా నిలబెట్టడం వేరు. నెలరోజుల ఆటతో అక్కడ కులం పోయిందని ఆ పరిశోధన ఎక్కడా అనలేదు, పెళ్లిళ్ల జోలికీ పోలేదు.

మన ఊళ్లలో, విదేశాల్లో మనవాళ్ల మధ్య కూడా, కులం పేరుతో క్రికెట్ టోర్నమెంట్లు నడుపుతున్నవాళ్లున్నారు. ఆరోగ్యకరమైన పోటీ, అందరూ కలవడానికే అంటారు. బనారస్ పల్లెల లెక్క ప్రకారం అది కలపడం కాదు. నిర్వాహకులకు ఒక్క మనవి: వచ్చే ఏడాది ఎంట్రీ ఫారంలోంచి ఆ గడి కొట్టేసి, పేర్లన్నీ ఒక డబ్బాలో వేసి, చీటీలు తీసి జట్లు కట్టండి.